కష్టాల మీద తీసిన డాక్యుమెంటరీకి వయసు సూచన, వివరణ ఎలా రాయాలి: చెనక్కాయ రైతు కుటుంబం ఉదాహరణగా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చిన్న కెమెరాలతో డాక్యుమెంటరీలు తీసే కుర్రాళ్లు అప్‌లోడ్ చేసే రోజున తరచూ ఒకే మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. 18+ పెట్టాలా? పిల్లలు ఉన్నారు కాబట్టి పిల్లల వీడియో అని టిక్ చేయాలా? డిస్క్రిప్షన్‌లో "గుండెలు పిండేసే" అని రాయకపోతే ఎవరు చూస్తారు?

మూడింటికీ జవాబు ఒక్క ఉదాహరణ మీద చూద్దాం. పుంగనూరు వైపు ఒక పల్లెలో చెనక్కాయ వేసే కుటుంబం మీద 26 నిమిషాల సినిమా ఉందనుకోండి. ఐదు బోర్లు వేశారు, ఒక్కదాంట్లోనూ నీళ్లు నిలవలేదు. అప్పు పెరిగింది. తండ్రి ఆత్మహత్యతో చనిపోయారు. తల్లి తిరుపతి లాడ్జీలో గదులు శుభ్రం చేసే పనికి వెళ్తోంది. పన్నెండేళ్ల కూతురు అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. కుటుంబం కల్పితమే కానీ, ఇలాంటి సినిమా తీసినవాళ్లకు ఇందులోని చిక్కులన్నీ తెలిసినవే.

యూట్యూబ్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మన దగ్గర ఇలాంటివి ఎక్కువగా వెళ్లేది అక్కడికే.

## 1. లేబుల్ రాసే ముందు సినిమాను లెక్క రాసుకోండి

ఎడిటింగ్ చేసినవాళ్లకు సినిమా అలవాటైపోయి ఉంటుంది. వందసార్లు చూసిన ఏడుపు వాళ్లకు ఏడుపులా అనిపించదు. అందుకే ఎడిటింగ్‌లో లేని ఒకరిని కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి చూపించండి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి బొమ్మ లేకుండా మాటలు మాత్రమే. రెండోసారి వింటున్నప్పుడు బయటపడేవి చాలా ఉంటాయి. కళ్లకు ఏమీ కనిపించని చోట చెవికి చాలా వినిపిస్తుంది.

ప్రతి ఇబ్బందికర చోటుకీ నాలుగు సంగతులు రాసుకోవాలి: ఏ నిమిషం, ఏముంది, కనిపిస్తుందా లేక వినిపిస్తుందా, ఎంతసేపు. మన ఉదాహరణకు ఆ కాగితం ఇలా ఉంటుంది.

- 02:10: బోరు లారీ వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేస్తుంది. ఇబ్బంది ఏమీ లేదు.
- 07:40: అప్పు ఇచ్చినాయన గుమ్మం ముందు గద్దిస్తాడు. ఒక బూతు మాట, రెండుసార్లు. మాట మాత్రమే.
- 11:20 నుంచి 13:05: భర్త చనిపోయిన రోజు గురించి ఆమె చెబుతుంది. దృశ్యం లేదు. మధ్యలో ఒక వాక్యంలో ఎలా చనిపోయాడో వివరంగా వస్తుంది.
- 16:30: పాప ఏడుస్తుంది. ముఖం మీద క్లోజప్, 40 సెకన్లు.
- 19:00: సంతలో ఆవును అమ్ముతారు. ఇబ్బంది లేదు.
- 21:15: లాడ్జీ పని. పాప స్కూలు బ్యాడ్జి ఉన్న ఫోటో గోడ మీద కనిపిస్తుంది.

ఈ కాగితం లేకుండా వయసు పెట్టడం ఊహ మీద పెట్టడమే. ఉంటే మాత్రం మిగతా పని సగం తేలికవుతుంది.

## 2. లేబుల్ కంటే ముందు కత్తెర

కాగితం చూశాక మొదటి ప్రశ్న వయసు గురించి వేయకండి. ఈ చోటు సినిమాకు నిజంగా కావాలా అని అడగండి. చాలామంది ఏదైనా ఉంచేసి పైన హెచ్చరిక తగిలిస్తే సరిపోతుందనుకుంటారు. హెచ్చరికతో పోని సంగతులు కొన్ని ఉంటాయి.

మన ఉదాహరణలో మూడు కోతలు.

ఒకటి, 11:20 తర్వాత వచ్చే ఆ ఒక్క వాక్యం. ఏ మందు, ఎక్కడ, ఎలా అన్న వివరం తీసేయండి. ఆత్మహత్య గురించి రాసేటప్పుడు పద్ధతి వివరించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు చెబుతాయి. 2019లో ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పత్రికలకు ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. అదే కష్టంలో ఉన్న మరొకరు ఆ వివరాన్ని అనుకరించే ప్రమాదం ఉంది కాబట్టే ఈ జాగ్రత్త. ఆమె మాట తెగినట్టు అనిపించకుండా ఆ ఏడు సెకన్లు కోసి, అతుకు మీద ఎండిన చేను దృశ్యం వేస్తే చూసేవాళ్లకు అతుకు తెలియదు.

రెండు, పాప ఏడుపు. 40 సెకన్ల క్లోజప్‌లో పాప బాధ మొదటి ఐదు సెకన్లలోనే అర్థమైపోతుంది. మిగతా 35 సెకన్లు మనం చూస్తూ కూర్చోవడమే. వెనక నుంచి తీసిన షాట్ ఉంటే అది వాడండి, లేకపోతే ఆరేడు సెకన్లకు కుదించండి. రేపు పదో తరగతిలో ఎవరో ఆ క్లిప్ ఫోన్లో పెట్టుకుని ఆ పాపకే చూపిస్తారు. ఇది జరగని సంగతేం కాదు.

మూడు, గోడ మీది ఫోటోలో బ్యాడ్జి. బ్లర్ చేయండి. అప్‌లోడ్ అయ్యాక గమనించినా యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌లోనే బ్లర్, ట్రిమ్ రెండూ ఉన్నాయి, లింకు మారదు. ఇక్కడ ఇంకో మాట. మీ సినిమాలోని పిల్లలు ఏదైనా కేసులో బాధితులో సాక్షులో అయినా, బాలల సంరక్షణ సంస్థలో ఉన్నా విషయం వేరు. వాళ్ల గుర్తింపు బయటపెట్టడాన్ని జువైనల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 74 నిషేధిస్తుంది. పేరు, ఊరు, స్కూలు అన్నీ గుర్తింపు కిందికే వస్తాయి. అప్పుడు బ్లర్ అన్నది మన ఇష్టాయిష్టాల మీద ఉండదు.

బూతు మాట సంగతి? నేనైతే ఉంచుతాను. అప్పిచ్చినవాడు గుమ్మం ముందు ఎలా మాట్లాడతాడో చెప్పడానికి అదే సాక్ష్యం. బీప్ వేస్తే ఆ మాట ఇంకా పెద్దదిగా వినిపిస్తుంది. ఉంచి, లేబుల్‌లో చెబితే చాలు.

## 3. వయసు: మూడు వేర్వేరు మీటలు

అందరూ కలిపేసుకునేది ఇక్కడే. వయసు అనే మాట కింద మూడు సంబంధం లేని సంగతులున్నాయి.

మొదటిది, పిల్లల కోసం తీసిందా అన్న ప్రశ్న. స్టూడియోలో Audience కింద వస్తుంది. సినిమాలో పాప ఉంది కదా అని "Yes, it's made for kids" నొక్కేవాళ్లున్నారు. ఆ ప్రశ్న ప్రేక్షకుల గురించి, నటీనటుల గురించి కాదు. పిల్లలే చూడాలని తీసిన కథలు, పాటలు, బొమ్మల వీడియోలకు అది. దాన్ని నొక్కితే కామెంట్లు ఆగిపోతాయి, ఎండ్ స్క్రీన్లు రావు. అంతకంటే పెద్ద నష్టం, అప్పులు, మరణం ఉన్న సినిమా చిన్నపిల్లల వీడియోల పక్కన చేరే దారి తెరుచుకుంటుంది. మనకు "No, it's not made for kids" సరైనది.

రెండోది, 18+ పరిమితి. అదే పేజీలో Age restriction కింద "Yes, restrict my video to viewers over 18" అని ఉంటుంది. భయం కొద్దీ దీన్ని పెట్టేస్తుంటారు, "ఎందుకైనా మంచిది" అని. ఎందుకు మంచిది కాదో చూడండి. లాగిన్ కాకుండా ఎవరూ చూడలేరు. వేరే వెబ్‌సైట్లలో పెట్టిన వీడియో చాలావరకు అక్కడ ఆడదు, యూట్యూబ్‌కే వెళ్లి చూడాలి. పీలేరులో ఒక టీచరమ్మ ఇంటర్ పిల్లలకు క్లాసులో వేద్దామంటే స్కూలు కంప్యూటర్లో తెరుచుకోదు. ఊళ్లో వాట్సాప్ లింకు నొక్కిన పెద్దాయనకు వయసు అడిగే తెర వస్తుంది, ఆయన అక్కడితో వదిలేస్తాడు. రక్తం, శవం, హింస దగ్గరగా, వివరంగా కనిపించే సినిమాలకు ఆ పరిమితి అవసరం. మన సినిమాలో పై మూడు కోతల తర్వాత అలాంటిదేమీ మిగల్లేదు. కాబట్టి పరిమితి వద్దు.

మూడోది, మీరే మాటల్లో రాసే వయసు సూచన. దీన్ని ఏ మీటా చేయదు, మీరే రాయాలి. మన పనికి అన్నింటికంటే ఉపయోగపడేది ఇదే.

ఎంత వయసు రాయాలి? 2021 ఐటీ నియమాలు ఓటీటీలకు U, U/A 7+, U/A 13+, U/A 16+, A అని ఐదు మెట్లు ఇచ్చాయి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక థియేటర్ సినిమాలకూ UA అన్నది 7+, 13+, 16+గా విడిపోయింది. ఓటీటీ నియమాలు వర్గీకరణకు సందర్భం, ఇతివృత్తం, చెప్పిన తీరు, దాని ప్రభావం, ఎవరి కోసం తీశారు అన్నవి చూడమంటాయి. ఇందులో మనకు పనికొచ్చే కీలకం ఒకటుంది: కష్టం అన్న విషయం వల్ల మాత్రమే వయసు పెరగదు, దాన్ని ఎంత దగ్గరగా చూపించారో దానివల్ల పెరుగుతుంది. బోరు ఫెయిలైన కథ ఎనిమిదేళ్ల పిల్లాడు కూడా చూడొచ్చు. పల్లెలో వాడికి అది రోజూ వినే సంగతే. ఆత్మహత్య గురించి తల్లి నిదానంగా, వివరం లేకుండా మాట్లాడటం 13 ఏళ్ల పిల్లలు అర్థం చేసుకోగలరు, పక్కన పెద్దవాళ్లుంటే ఇంకా మంచిది. ఆ కోసేసిన వాక్యాన్ని ఉంచి ఉంటే 16కి వెళ్లేవాణ్ని, అయినా మనసొప్పేది కాదు.

మన ఉదాహరణకు 13.

ఒక జాగ్రత్త. సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ తీసుకోకుండా థంబ్‌నెయిల్ మూలలో UA 13+ ముద్ర వేయకండి. అది చూసి సర్టిఫికెట్ ఉందనుకుంటారు. మామూలు వాక్యంలో "13 ఏళ్లు దాటినవారికి అని మా సూచన" అంటే సరిపోతుంది. అదే సినిమాను రేపు థియేటర్‌లో ప్రదర్శించాలంటే సర్టిఫికెట్ దారి వేరే ఉంది.

## 4. వివరణ మాటలు: ఏముందో చెప్పండి, ఏమనిపించాలో చెప్పకండి

లేబుల్ రాసేటప్పుడు పట్టుకోవలసిన సూత్రం ఇదొక్కటే. "కన్నీళ్లు ఆగవు" అన్నది చూసేవాడి కళ్ల గురించి. "ఒక మరణం గురించి మాటలు ఉన్నాయి" అన్నది సినిమా గురించి. మొదటిది చదివి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. రెండోది చదివి, నిరుడు ఇంట్లో అలాంటిది జరిగిన మనిషి "ఇప్పుడొద్దులే" అనుకోగలడు.

పత్రికల నుంచి, టీవీ నుంచి మన చేతికి అలవాటుగా వచ్చేసే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని ఇలా మార్చుకోవచ్చు.

- "అప్పుల బాధ తాళలేక రైతు బలవన్మరణం" బదులు: "ఆత్మహత్యతో చనిపోయిన ఒక రైతు కుటుంబం". ఒక చావుకు ఒకే కారణం అంటగట్టడం నిజానికి దూరం. పంట, అప్పు, ఆరోగ్యం, మాటలు పడటం అన్నీ కలిసి ఉంటాయి.
- "దిక్కులేని తల్లీకూతుళ్లు" బదులు: "లాడ్జీలో పనిచేసే తల్లి, చదువుకుంటున్న కూతురు".
- "గుండెలు పిండేసే దీనగాథ" బదులు ఏమీ వద్దు. కొట్టేస్తే చాలు.
- "షాకింగ్ నిజాలు" బదులు: ఆ నిజం ఏమిటో రాయండి. "ఐదు బోర్లకు అయిన ఖర్చు, దానికి తెచ్చిన అప్పు".
- "చివరి క్షణాలు", "చివరి మాటలు": ఎక్కడా వాడకండి.

ఆత్మహత్య అన్న మాటను మధ్యలో చుక్కలు పెట్టి రాసే అలవాటు ఒకటి వచ్చింది. డిస్క్రిప్షన్‌లో అది అక్కర్లేదు. చుక్కలు పెడితే దాచాల్సిన సంగతిలా కనిపిస్తుంది, ఎవరికి హెచ్చరిక కావాలో వాళ్లకు అర్థం కాకుండా పోతుంది. డిస్క్రిప్షన్‌లో పూర్తిగా, ఒకసారి రాయండి. టైటిల్‌లో, థంబ్‌నెయిల్ మీద మాత్రం ఆ మాట వద్దు. సినిమా తెరవకుండా దాటిపోయేవాళ్ల కంట కూడా అవి పడతాయి.

రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. ఆ తల్లికి ఫోన్ చేసి లేబుల్ మొత్తం చదివి వినిపించండి. చదువుతుంటే మీ గొంతు ఎక్కడ తడబడిందో ఆ మాట మార్చాలి. ఆమె కూడా చెబుతుంది. "అట్ల రాస్తే మా పాప బడికి ఎట్ల పోతాది సార్" అని అడిగేవాళ్లు ఉంటారు. అడిగితే వాదించకండి, మార్చండి.

## 5. టైటిల్, థంబ్‌నెయిల్, చాప్టర్లు

టైటిల్‌కు 100 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి అనుకున్న దానికంటే ముందే నిండిపోతుంది. ఫోన్లో కనిపించేది ఎలాగూ మొదటి కొన్ని మాటలే. విషయం ముందు, ఊరు తర్వాత:

ఐదు బోర్ల తర్వాత: పుంగనూరు దగ్గర ఒక చెనక్కాయ రైతు కుటుంబం

పల్లె పేరు లేదు, గమనించండి. ఉంటే పాపను వెతకడం క్షణాల పని.

థంబ్‌నెయిల్ మీరే తయారు చేసి పెట్టండి. యూట్యూబ్ తనంతట తను చూపించే మూడు ఫ్రేముల్లో ఏడుస్తున్న ముఖమే ఉండొచ్చు. చేనులో నిలబడిన కేసింగ్ పైపు, దాని మీద ఆరేసిన తువ్వాలు లాంటిదుంటే అది చాలు. ఎర్ర బాణాలు, గుండ్రాలు, దండ వేసిన ఫోటో వద్దు.

చాప్టర్ల దగ్గర జనం ఎక్కువగా బోల్తా పడతారు. డిస్క్రిప్షన్ ఎంత జాగ్రత్తగా రాసినా, "నాన్న చనిపోయిన రోజు" అని చాప్టర్ పేరు పెడితే అది వీడియో కింది గీత మీద కనిపిస్తూనే ఉంటుంది. "అమ్మ మాటల్లో" అని పెట్టండి. ఆటోమేటిక్ చాప్టర్లు ఆపేసి మీవే రాయండి. మొదటిది 00:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి 10 సెకన్లకు తగ్గకూడదు. వీటివల్ల ఇంకో లాభం, వద్దనుకున్నవాళ్లు ఆ భాగాన్ని ఒక్క నొక్కుతో దాటేయొచ్చు.

## 6. పూర్తయిన లేబుల్

డిస్క్రిప్షన్‌లో మొదటి రెండు లైన్లే తెరవకుండా కనిపిస్తాయి. సూచన అక్కడే రావాలి, ఛానల్ సబ్‌స్క్రైబ్ చేయండి అన్నది కిందికి పోవాలి.

> 13 ఏళ్లు దాటినవారికి అని మా సూచన. ఈ చిత్రంలో ఒక ఆత్మహత్య గురించి మాటలు ఉన్నాయి (11:20 నుంచి 12:58), దృశ్యాలు లేవు. 07:40 దగ్గర ఒక బూతు మాట వినిపిస్తుంది.
>
> పుంగనూరు దగ్గర ఒక పల్లెలో చెనక్కాయ వేసే కుటుంబం ఐదు బోర్లు వేయించింది. నీళ్లు పడలేదు. ఇంటి పెద్ద చనిపోయాక తల్లి తిరుపతిలో పనికి వెళ్తోంది, కూతురు అవ్వ దగ్గర చదువుకుంటోంది. ఒక ఏడాది పాటు ఆ ఇంట్లో డబ్బు, నీళ్లు, చదువు ఎలా నడిచాయో ఈ చిత్రం చూపిస్తుంది.
>
> 11:20 భాగం వద్దనుకుంటే 12:58 నుంచి చూడవచ్చు. కథ అర్థమవుతుంది.
>
> మనసు బాగోలేనప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఏడు సెకన్లు కోశాం కాబట్టి 13:05 కాస్తా 12:58 అయింది. కోతల తర్వాత టైములు మార్చడం మరిచిపోతే ఎవరో సరిగ్గా ఆ మాటల మధ్యలోకి దిగుతారు.

ఇదే సూచన సినిమా మొదట్లో తెర మీద కూడా రావాలి. వాట్సాప్‌లో ఫైలుగా తిరిగేటప్పుడు డిస్క్రిప్షన్ వెంట రాదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, రెండు వాక్యాలు. నిదానంగా రెండుసార్లు చదవగలిగినంతసేపు ఉంచండి, ఒక గొంతుతో చదివించండి. పల్లెల్లో చదవడం రాని అవ్వాతాతలూ చూస్తారు. ఉలిక్కిపడేలా సంగీతం వద్దు.

## 7. అప్‌లోడ్ నొక్కే ముందు, తర్వాత

Public చేయకుండా ముందు Unlisted పెట్టి ఇవి చూసుకోండి.

- కాగితం మీద రాసుకున్న ప్రతి చోటూ కోశామా, లేబుల్‌లో చెప్పామా?
- "No, it's not made for kids" ఉందా? 18+ పొరపాటున పడిందా?
- టైటిల్, థంబ్‌నెయిల్, చాప్టర్లు, ట్యాగులు అన్నింట్లో పల్లె పేరు, పాప పేరు, స్కూలు పేరు లేవు కదా? ట్యాగులు బయటికి కనిపించవని వదిలేస్తుంటారు.
- వేరే ఫోన్లో, లాగిన్ లేకుండా తెరిచి చూశామా? మొదటి రెండు లైన్లలో సూచన కనిపిస్తోందా?
- లేబుల్‌లోని ప్రతి టైమూ నొక్కి చూశామా?
- తల్లికి చదివి వినిపించామా?

యూట్యూబే 18+ వేస్తే కంగారుపడి మళ్లీ అప్‌లోడ్ చేయకండి, వ్యూస్, కామెంట్లు పోతాయి. స్టూడియోలో అప్పీలు ఉంటుంది. విద్య, డాక్యుమెంటరీ సందర్భాన్ని యూట్యూబ్ పరిగణనలోకి తీసుకుంటుంది, కానీ ఆ సందర్భం వీడియోలోనో టైటిల్, డిస్క్రిప్షన్‌లలోనో కనబడాలి. పైన లేబుల్‌లో రాసిన రెండో పేరా అక్కడ కూడా పనికొస్తుంది. "షాకింగ్" అని రాసుకున్నవాళ్లకు అక్కడ చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

కామెంట్లను కొన్ని రోజులు పరిశీలన కోసం ఆపి ఉంచే సెట్టింగులో పెట్టండి. ఎవరో ఒకరు "ఇది మా పక్క ఊరే" అని పల్లె పేరు రాసేస్తారు, అభిమానంతోనే. ఆ కామెంటును తొలగించి, ఎందుకు తొలగించామో విడిగా ఒక లైను కామెంటు పెడితే వాళ్లే మిగతావాళ్లకు చెబుతారు.